పాత పట్టుచీర, కొత్త జాకెట్టు

పాతికేళ్ల కిందటి పట్టుచీర కట్టుకున్నప్పుడు దాని వయసును ముందుగా బయటపెట్టేది జాకెట్టు. ధర్మవరం చీర అంచులోని మామిడి పిందెలు, గద్వాల చీర కొంగులోని జరీ గళ్లు, పోచంపల్లి ఇకత్‌లోని పలకలు అప్పుడెలా ఉన్నాయో ఇప్పుడూ దాదాపు అలాగే నేస్తున్నారు. అదే చీర ఇవాళ దుకాణంలో కనిపించినా ఎవరూ పాతదనుకోరు. మారిందల్లా దాని మీదికి వేసుకునే రవిక. 1980లు, 90ల్లో జాకెట్టు ముక్కను చీరతోపాటే నేసి ఇచ్చేవారు. లేదంటే మ్యాచింగ్ సెంటరుకు వెళ్లి, చీర అంచు రంగుకు సరిగ్గా సరిపోయే టూ బై టూ గుడ్డ తెచ్చుకునేవారు. పొట్టి చేతులు, వాటి చివర చీర అంచే, గుండ్రటి మెడ, ముందు హుక్కులు. ఈ నాలుగూ కలిస్తే చీర ఏ కాలానిదో ఇట్టే తెలిసిపోతుంది. కాబట్టి చేతిలో డబ్బు తక్కువగా ఉన్నప్పుడు ఖర్చు పెట్టాల్సింది కొత్త చీర మీద కాదు, 1 మీటరు జాకెట్టు గుడ్డ మీద, దాన్ని కుట్టే మనిషి మీద.

అయితే గుడ్డ కొనడానికి ముందే చీర కట్టుకోవడానికి పనికొస్తుందో లేదో తేల్చుకోవాలి. పట్టు పురుగు నుంచి వచ్చిన దారం. ఎండ, చెమట, తేమ దాన్ని మెల్లగా తినేస్తాయి. అంతకంటే ఎక్కువగా దెబ్బతీసేది మడత. ఏళ్ల తరబడి ఒకే గీత మీద మడిచి పెట్టిన చీరలో దారాలు ఆ గీత దగ్గర వంగి వంగి పెళుసెక్కుతాయి. జరీ ఉన్న చోట అది మరీ ఎక్కువ, ఎందుకంటే జరీలోని లోహం పక్కనున్న పట్టు దారాన్ని ఒరుసుకుంటూ ఉంటుంది. అందుకే చాలా చీరల్లో ఒళ్లంతా బాగానే ఉండి, కొంగు మడతల్లో మాత్రం పగుళ్లు వస్తాయి.

పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. పగటి పూట కిటికీ ముందు చీరను ఒంటి పొరగా పట్టుకుని, కొంచెం కొంచెంగా జరుపుతూ చూడాలి. మడత గీత వెంట వెలుగు సన్నటి చారలా కనిపిస్తే అక్కడ దారాలు తెగడం మొదలైందని అర్థం. వెలుగు కనిపించకపోయినా, గీతకు అటూ ఇటూ రెండు చేతుల బొటనవేళ్లూ చూపుడువేళ్లతో పట్టుకుని మెత్తగా లాగి చూడాలి. గట్టి పట్టు సాగి మళ్లీ యథాస్థితికి వస్తుంది. పెళుసెక్కినదైతే పిట్టమన్న చప్పుడు చేస్తుంది, లేదా పడుగు దారాలు విడివడి సందులు కనిపిస్తాయి. భుజం మీద పిన్ను పెట్టే చోటు, బొడ్డు దగ్గర కుచ్చిళ్లు దోపే చోటు, కింద ఫాల్ కుట్టిన భాగం కూడా ఇలాగే చూడాలి. పాత నూలు ఫాల్ ఉతుకుల్లో కుంచించుకుపోయి చీర అంచును ముడతలు పడేలా చేస్తుంది. ఫాల్ విప్పి కొత్తది వేయిస్తే చాలు, చీర సాఫీగా జారుతుంది. ఇది చిన్న ఖర్చు, కానీ తేడా మాత్రం దూరం నుంచే తెలుస్తుంది.

పగులు ఎక్కడుందన్నది చాలా ముఖ్యం. లోపలి చెంగు నుంచి 1 మీటరు లోపు ఉంటే అది మొదటి చుట్టులోకి వెళ్లి పై చుట్టు కింద దాగిపోతుంది. అక్కడ రఫూ చేయించి నిశ్చింతగా కట్టుకోవచ్చు. కుచ్చిళ్ల మధ్యలో ఉన్నా సర్దుకోవచ్చు. భుజం మీదికి వచ్చే చోట పగిలితే మాత్రం ఆ చీరను కట్టుకోవడం మానుకోవాలి, ఎందుకంటే కొంగు బరువంతా అక్కడే పడుతుంది. పెళ్లి పట్టుచీర కొంగులో జరీ నిండా ఉంటే ఆ బరువు తక్కువేమీ కాదు.

పరీక్షలో నెగ్గిన చీరకు గాలి తగలనివ్వాలి. నీడలో ఒక పూట ఆరేస్తే బీరువా వాసన చాలావరకు పోతుంది. తర్వాత మరకలుంటే డ్రైవాష్, లేకపోతే పాలిష్. పాలిష్‌లో చీరను రోలరు మీద లాగి, వేడి తగిలించి, ముడతలు తీస్తారు. గట్టి చీరకు అది కొత్త మెరుపు తెస్తుంది, పగుళ్లున్న చీరను అదే లాగుడు చింపేస్తుంది. అలాంటి చీరను ఇంట్లోనే మీద పలచటి నూలు గుడ్డ పరిచి, తక్కువ వేడిలో ఇస్త్రీ చేసుకోవడం మేలు.

ఇక రంగు. అసలు పొరపాటు జరిగేది ఇక్కడే. చీర అంచు ఎరుపైతే అదే ఎరుపు గుడ్డ వెతికి తేవడం అలవాటు. కానీ పాతికేళ్లలో ఆ ఎరుపు కొంత తగ్గి ఉంటుంది. రోజూ చూసే కళ్లకు అది తెలియదు. దాని పక్కన సరిగ్గా అదే రంగు కొత్త గుడ్డ పెట్టగానే చీర వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. చీర మారలేదు, పోల్చి చూసుకునేందుకు కంటికి ఒక కొలబద్ద దొరికింది, అంతే. జరీ విషయమూ ఇదే. పాత జరీలో పట్టు దారానికి వెండి తీగ చుట్టి పైన బంగారు పూత వేస్తారు కాబట్టి కాలం గడిచేకొద్దీ అది నిదానించి, కాస్త మసకబారి అందంగా ఉంటుంది. ఇప్పుడు మార్కెట్లో ఎక్కువగా దొరికే జరీ జాకెట్టు గుడ్డల్లో ఉండేది పాలిస్టర్ మీద మెరుపు పూత. దాన్ని పక్కన పెడితే అసలు జరీ నల్లబడినట్టు, నకిలీదే కొత్త బంగారంలా కనిపిస్తాయి. కాబట్టి పాత చీర పక్కన మెరిసే కొత్త జరీని అసలు ఉంచకూడదు. మెరుపు లేని గుడ్డ పక్కన పాత జరీ తనంతట తానే వెలుగుతుంది.

మరి ఏ రంగు తీసుకోవాలి? చీరలో ఎక్కడో కొంచెంగా ఉన్న రంగును పట్టుకోవడం ఒక దారి. కొంగులో సన్నటి గీతగానో, బుటాలో చుక్కగానో ఉండే మూడో రంగు జాకెట్టులోకి వస్తే చీర, జాకెట్టు ఒకే ఇంటి మనుషుల్లా ఉంటాయి, మ్యాచింగ్ చేసినట్టు మాత్రం ఉండవు. రెండు రంగుల మెరుపు చీరల్లో, అంటే నెమలి కంఠం లాంటి వాటిలో ఈ పని ఇంకా సులువు. అలాంటి చీరలో పడుగు ఒక రంగు, పేక మరో రంగు. చీర చివర పోగులు వేలాడే చోట కొంచెం విడదీసి చూస్తే రెండూ వేర్వేరుగా కనిపిస్తాయి. ఆ రెండింటిలో ముదురు రంగు ఉన్నదాన్ని జాకెట్టుకు తీసుకుంటే ఎంతో నిండుగా ఉంటుంది. మరో దారి, చీరలో అసలు లేని ముదురు రంగును తేవడం. వంకాయ రంగు, ముదురు ఆకుపచ్చ, ఇటుక రంగు, ఆవపిండి రంగు పాత పట్టులోని మెత్తబడిన రంగులతో బాగా కలుస్తాయి. లేత పిస్తా, లేత గులాబీ లాంటి పలచటి రంగులు కొత్త చీరల మీద బాగున్నా, పాత చీరను ఇంకా వెలిసినట్టు చూపిస్తాయి.

గుడ్డ కొనడానికి వెళ్లేటప్పుడు పాత జాకెట్టును కాకుండా చీరనే తీసుకెళ్లాలి. ట్యూబులైటు కింద సరిపోయిన రంగు ఎండలో మరోలా ఉంటుంది. అందుకే గుడ్డనూ చీరనూ దుకాణం గుమ్మం దాకా తెచ్చి పగటి వెలుగులో చూడాలి. చీర మడతను పూర్తిగా విప్పి, అంచు, ఒళ్లు, కొంగు మూడింటి పక్కనా గుడ్డను పెట్టి చూస్తేనే తేలుతుంది.

గుడ్డ ఎంపికలో ఖరీదైనదే మంచిదని అనుకోనవసరం లేదు. పట్టుచీర మీద నూలు జాకెట్టు ఇప్పుడు చాలామంది వేసుకుంటున్నారు, అది బాగుంటుంది కూడా. మంగళగిరి చేనేత నూలు గుడ్డ గట్టిగా, అరుగుదల లేకుండా ఉంటుంది. దాని నిజాం అంచు చేతుల చివరకు చక్కగా పనికొస్తుంది. ఒళ్లంతా సాదాగా ఉన్న చీరకు పెడన కలంకారీ అచ్చు గుడ్డ పొందికగా ఉంటుంది. బుటాలు నిండిన చీరకు, ఇకత్ చీరకు మాత్రం అచ్చు గుడ్డ వద్దు, రెండు డిజైన్లు ఒకదానితో ఒకటి పోట్లాడతాయి. వాటికి గరుకు నేత కనిపించే సాదా రా సిల్క్ బాగుంటుంది. నూలు గుడ్డను, లైనింగును కుట్టడానికి ముందు ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి ఆరేయాలి. లేకపోతే మొదటి ఉతుకులో లైనింగు కుంచించుకుని, పై గుడ్డ అలాగే ఉండి, జాకెట్టంతా ఉబ్బుల్లా తయారవుతుంది. ముదురు రంగు గుడ్డయితే తడిపిన తెల్ల గుడ్డతో గట్టిగా రుద్ది చూడాలి. తెల్ల గుడ్డకు రంగు అంటితే చెమటకు పట్టుచీరకు కూడా అంటుతుంది. పట్టుకు ఒకసారి పట్టిన రంగు వదలదు.

44 అంగుళాల పన్నా ఉన్న గుడ్డయితే మోచేతి చేతులకు సాధారణంగా 1 మీటరు సరిపోతుంది. పన్నా 36 అంగుళాలే ఉంటే, లేదా చేతులు నిడుపుగా కావాలంటే 1.25 మీటర్లు అడగాలి. లైనింగుకు నూలు గుడ్డే తీసుకోవాలి. పాలిస్టర్ లైనింగు చెమట పీల్చదు, ఆ చెమట చీర కొంగుకు చేరుతుంది.

కుట్టు విషయానికొస్తే, ఈనాటి జాకెట్లన్నీ పట్టుచీరకు సరిపోవు. సన్నటి భుజం పట్టీలు, చేతులు లేని జాకెట్లు పలచటి చీరలకు బాగుంటాయి. బరువైన కొంగును సన్నటి పట్టీకి పిన్ను పెడితే పట్టీ పక్కకు లాగేసి మెడంతా వంకర పోతుంది. వీపు మరీ దించి కుట్టినా అంతే, భుజాలు జారిపోతాయి. జారకుండా పైన తాడు కట్టాల్సి వస్తుంది. బోట్ నెక్ అయితే భుజం మీద గుడ్డ వెడల్పుగా ఉంటుంది కనుక కొంగు నిలుస్తుంది. చిన్న కాలరున్న హై నెక్ కూడా ఇలాంటిదే. చేతులు మోచేతి దాకా ఉంటే చీర బరువుకు తూకంగా ఉంటుంది, చూపు కూడా పొట్టి చేతుల కాలం నుంచి ఇప్పటికి వచ్చేస్తుంది. నిజానికి చేతుల పొడవు ఒక్కటి మార్చినా సగం పని అయిపోయినట్టే.

బోట్ నెక్‌లో ఒక చిక్కుంది. ముందు హుక్కులు పెడితే మెడ గీత మధ్యలో విరిగిపోతుంది. అందుకని హుక్కులు వెనక్కి వెళ్తాయి, వేసుకోవడానికి మరొకరి సాయం కావాలి. ఒంటరిగా ఉండేవారు పక్క జిప్పు పెట్టమని ముందే చెప్పాలి. రెండో చిక్కు కొలతలది. ఇంట్లో ఉన్న పాత కొలత జాకెట్టు ఇచ్చి బోట్ నెక్ కుట్టమంటే భుజం కుదరదు. గుండ్రటి మెడ జాకెట్టులో భుజం కొంతే ఉంటుంది, బోట్ నెక్‌కు భుజం చివరి నుంచి చివరికి కొలవాలి. ఒంటి మీదే కొలతలు ఇచ్చి, చేతులు అతికే ముందు ఒకసారి వేసి చూసుకుంటే గుడ్డ దండగ కాదు. పక్క కుట్లలో 1 అంగుళం నుంచి 1.5 అంగుళాల దాకా గుడ్డ లోపల వదలమని అడగాలి. ఒళ్లు మారినప్పుడు వదులు చేసుకోవచ్చు, జాకెట్టు మరికొన్నేళ్లు పనిచేస్తుంది. రాళ్లు, పూసలు పొదిగిన మగ్గం వర్కు మాత్రం పాత చీరకు శత్రువు. చేతి మీది పూసలు నడిచేటప్పుడు కొంగును ఒరుసుకుని పోగులు లాగేస్తాయి. అంత ఖర్చు పెట్టి చీరను పాడుచేసుకోవడం బాధగా ఉంటుంది.

ఇప్పుడొక బీరువాను తెరిచి లెక్క చూద్దాం. అందులో మూడు చీరలున్నాయి. ఒకటి చిలకపచ్చ ఒంటికి ఎర్రంచు ధర్మవరం, పెళ్లినాటిది. రెండోది తేనె రంగు ఒంటికి మెరూన్ అంచున్న గద్వాల పట్టు. మూడోది ముదురు నీలం మీద తెలుపు, ఎరుపు ఇకత్ పోచంపల్లి. చీరకో జాకెట్టు చొప్పున మూడు కుట్టించాలన్నది మొదట తట్టే ఆలోచన. కానీ రంగును అంచుతో ముడిపెట్టడం మానేశాక ఒక జాకెట్టు రెండు చీరలకు పనికొస్తుంది. వంకాయ రంగు చిలకపచ్చకూ తేనె రంగుకూ కూడా బాగుంటుంది. ఆవపిండి రంగు నీలం ఇకత్‌కు ఎదురుగా నిలుస్తుంది, చిలకపచ్చ మీదికి కూడా వస్తుంది. అంటే రెండు జాకెట్లతో నాలుగు రకాలుగా కట్టుకోవచ్చు.

వంకాయ రంగు జాకెట్టు రా సిల్క్‌లో, జరీ లేకుండా, బోట్ నెక్, మోచేతి చేతులు. ఆవపిండి రంగుది మంగళగిరి నూలులో, చిన్న కాలరుతో. ధరలు ఊరిని బట్టి, దర్జీని బట్టి మారతాయి. లెక్క కోసం రా సిల్క్ మీటరు 400 రూపాయలు, మంగళగిరి గుడ్డ మీటరు 200, లైనింగు ఒక్కోదానికి 80, కుట్టుకూలి ఒక్కోదానికి 450 అనుకుందాం. మొదటి జాకెట్టు 930, రెండోది 730 అవుతుంది. గద్వాల, పోచంపల్లి చీరల పాలిష్‌కు 200 చొప్పున 400. ధర్మవరం చీర లోపలి చెంగు దగ్గర మడతలో ఒక పగులుంది కాబట్టి దాన్ని పాలిష్‌కు ఇవ్వకూడదు. దానికి పాత ఫాల్ విప్పి కొత్తది వేయించడానికి 150. మొత్తం 2,210 రూపాయలు. పగులు మొదటి చుట్టులోకి పోతుంది కాబట్టి రఫూ సన్నటి పట్టు దారంతో ఇంట్లోనే చేసుకోవచ్చు. ఈ డబ్బు కూడా ఒకేసారి లేకపోతే ముందు కుట్టించాల్సింది వంకాయ రంగు జాకెట్టే, ఎందుకంటే అది రెండు బరువైన చీరలకూ పనిచేస్తుంది.

పెళ్లినాటి పాత జాకెట్టు ఒంటికి రాకపోయినా పారేయకూడదు. దాని చేతుల చివరనున్న జరీ అంచు చీరతోపాటే వయసొచ్చినది. దాన్ని జాగ్రత్తగా విప్పి కొత్త జాకెట్టు చేతుల చివర అతికితే చీర జరీకీ దానికీ మెరుపులో తేడా ఉండదు. పొడవు చాలుతుందా అన్న అనుమానం రావచ్చు. పొట్టి చేయి ముగిసే చోట చేయి లావుగా ఉంటుంది, మోచేతి దగ్గర సన్నబడుతుంది. ఒళ్లు మరీ మారకపోతే పొట్టి చేతి చివరనున్న అంచు మోచేతి చుట్టుకు సరిపోతుంది. అయితే ఇలా అంచు అతికిన జాకెట్టు ఆ ఒక్క చీరకే ఎక్కువ చెందుతుంది. రెండు చీరలకు తిప్పుకోవాలంటే అంచును పూర్తిగా కుట్టేయకుండా, చేతితో దూరం దూరం టాకాలు వేసి, అవసరమైనప్పుడు విప్పుకోవచ్చు.

కట్టుకునేటప్పుడు కూడా పాత పట్టుకు ఒక జాగ్రత్త కావాలి. భుజం దగ్గర పిన్నును నేరుగా చీరకు గుచ్చితే కొంగు బరువుకు ఆ రంధ్రం చీలికవుతుంది. కొంగు మడతల లోపలి వైపు అంగుళమంత నూలు గుడ్డ ముక్కను పెట్టి, దానితో కలిపి పిన్ను గుచ్చితే బరువును ఆ ముక్క మోస్తుంది. సెంటు చీర కట్టుకోకముందే పూసుకోవాలి, జరీ మీద పడితే నల్లబడుతుంది. విప్పాక ఒక రాత్రి గాలికి ఆరేసి, పాత నూలు చీర ముక్కలో చుట్టి పెట్టాలి. మూడు నాలుగు నెలలకోసారి మడత గీత మార్చి మడవాలి. కలరా ఉండలను జరీకి తగలనివ్వకూడదు.

పరీక్షలో తేలిపోయిన చీర, అంటే భుజం దగ్గర పగిలినదో, లాగితే విడిపోయేదో ఉంటే దానితోనే జాకెట్టు కుట్టించుకోవాలనిపిస్తుంది. ఇది పనికిరాని ఆలోచన. చీర ఒంటిని చుట్టుకుని వదులుగా వేలాడుతుంది, జాకెట్టు ఒంటికి బిగుతుగా ఉండి ప్రతి కదలికలోనూ లాగుడు భరిస్తుంది. చీరగా నిలవని పట్టు జాకెట్టుగా అసలు నిలవదు. వీపు మీద, చంక దగ్గర మొదటి రోజే చీలుతుంది. అలాంటి చీరలో గట్టిగా ఉన్న చోట్ల నుంచి, మడతలు తగలని ఒంటి భాగం నుంచి, అంచు నుంచి, పట్టీలు మాత్రం కత్తిరించుకోవచ్చు. గట్టి నూలు గుడ్డ మీద పరిచి నాలుగు వైపులా కుట్టి, చేతుల చివరకో, వెనక మెడ కిందికో వాడితే లాగుడంతా కింద గుడ్డే మోస్తుంది. కొంగు బాగుంటే దానికి లైనింగు వేసి ఓణీగా చేసుకోవచ్చు. మిగిలిన ముక్కల్లో ఒకటి రెండు జానల పట్టును, అదే చీర నుంచి తీసిన కొన్ని పోగులతో కలిపి దాచుకోవాలి. మిగతా చీరల్లో ఎప్పుడైనా రఫూ చేయాల్సి వస్తే, రంగు కలిసే చోట ఆ పాత పోగులే పనికొస్తాయి.